అమ్మకానికి ఉంచిన ఆస్తి (గణకశాస్త్రం)

అమ్మకానికి ఉంచిన ఆస్తి అంటే, ఒక సంస్థ తాను వాడుకోవడం ద్వారా కాకుండా ప్రధానంగా అమ్మడం ద్వారానే విలువ రాబట్టుకోవాలని నిర్ణయించి, ఆ మేరకు లెక్కల్లో వేరే వర్గంలోకి మార్చిన దీర్ఘకాలిక ఆస్తి. వాణిజ్య వాడుకలో దీనిని హెల్డ్ ఫర్ సేల్ ఆస్తి అంటారు. భవనం, యంత్రం, ఓడ, పేటెంటు, అనుబంధ కంపెనీ, ఒక ఫ్యాక్టరీ మొత్తం ఈ వర్గంలోకి రావచ్చు. వర్గం మారిన రోజు నుంచి రెండు మార్పులు జరుగుతాయి. ఆ ఆస్తిపై తరుగుదల వేయడం ఆగిపోతుంది. దాని విలువను పుస్తక విలువ, అమ్మకపు ఖర్చులు పోను సముచిత విలువ అనే రెండింటిలో ఏది తక్కువైతే అక్కడికి దించుతారు. భారతదేశంలో ఈ పద్ధతిని ఇండ్ ఏఎస్ 105, అంతర్జాతీయంగా ఐఎఫ్ఆర్ఎస్ 5 నిర్దేశిస్తాయి. వ్యాపారి అమ్మడానికే కొని నిల్వ ఉంచుకున్న సరుకుకు ఈ నియమాలు వర్తించవు (చూ. సరుకు నిల్వల విలువ కట్టడం).

చరిత్ర

వాడుక నుంచి తప్పించిన ఆస్తిని విడిగా చూపాలన్న నియమం భారతీయ లెక్కలకు కొత్తది కాదు. 1985 నాటి పాత ఏఎస్ 10 ప్రమాణం ప్రకారం, పనిలోంచి తీసేసి అమ్మకం కోసం ఉంచిన స్థిరాస్తులను నికర పుస్తక విలువ, అమ్మితే నికరంగా చేతికొచ్చే సొమ్ము అనే రెండింటిలో తక్కువ మొత్తానికి చూపాలి. 2016లో సవరించిన ఏఎస్ 10లోనూ ఈ నియమం కొనసాగింది. ఇండ్ ఏఎస్ పరిధిలోకి రాని కంపెనీలు నేటికీ దానినే పాటిస్తాయి. ఇందులో గీటురాయి ఒక్కటే: ఆస్తి పనిలోంచి తప్పుకుందా, లేదా.

ఇప్పటి పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. అక్కడి ప్రమాణాల సంస్థ ఎఫ్ఏఎస్‌బీ 2001లో ఎఫ్ఏఎస్ 144 అనే ప్రమాణం తెచ్చి, అమ్మకానికి ఉంచిన ఆస్తికి స్పష్టమైన షరతులు పెట్టింది. అంతర్జాతీయ ప్రమాణాలను అమెరికా ప్రమాణాలకు దగ్గర చేసే ఉమ్మడి ప్రయత్నంలో భాగంగా ఐఏఎస్‌బీ 2004 మార్చిలో ఐఎఫ్ఆర్ఎస్ 5 విడుదల చేసింది. 2005 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ప్రమాణం, మూసివేస్తున్న వ్యాపారాలకు సంబంధించిన ఐఏఎస్ 35 స్థానాన్ని తీసుకుంది. పనిలో ఉన్న ఆస్తిపై కూడా తరుగుదల ఆపడం సరికాదని అప్పట్లోనే విమర్శ వచ్చింది. ఆ చర్చ ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు.

భారతదేశంలో 2015 ఫిబ్రవరిలో ప్రకటించిన కంపెనీల నియమాల ద్వారా ఇండ్ ఏఎస్ 105 వచ్చింది. నికర విలువ రూ.500 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీలకు 2016 ఏప్రిల్ 1 నుంచి, ఆ తర్వాతి ఏడాది మరికొన్ని కంపెనీలకు ఇది తప్పనిసరైంది. పాత ఏఎస్ 10కూ దీనికీ ఉన్న పెద్ద తేడా గీటురాయిలోనే ఉంది. ఆస్తి పనిచేస్తోందా, మూలన పడి ఉందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అమ్మకం ఎంత ఖాయంగా కనిపిస్తోంది అన్నదే ప్రశ్న. కాబట్టి రోజూ నడుస్తున్న యంత్రం కూడా షరతులు నెరవేరితే ఈ వర్గంలోకి వస్తుంది. ఏళ్ల తరబడి తాళం పడిన మిల్లు షరతులు నెరవేరకపోతే రాదు.

వర్గీకరణ షరతులు

షరతులు రెండు మెట్లుగా ఉంటాయి. మొదటిది, ఆస్తి ఇప్పుడున్న స్థితిలోనే వెంటనే అమ్మడానికి సిద్ధంగా ఉండాలి. ఆ రకం ఆస్తుల అమ్మకాల్లో మామూలుగా ఉండే ఏర్పాట్లకు మాత్రమే మినహాయింపు ఉంటుంది. ఉదాహరణకు, ప్రధాన కార్యాలయ భవనాన్ని అమ్మదలచిన సంస్థ అందులోని సామాను తరలించి ఖాళీ చేయడానికి కొంత వ్యవధి అడగవచ్చు. ఏ భవనం అమ్మకంలోనైనా అది ఉండేదే కాబట్టి షరతుకు భంగం కాదు. కానీ కొత్త భవనం కట్టడం పూర్తయ్యాకే పాతదాన్ని అప్పగిస్తానంటే, అది అమ్మేవాడు సొంత అవసరం కోసం పెట్టిన ఆలస్యం అవుతుంది. కొత్త భవనం పూర్తయ్యేదాకా పాతదాన్ని అమ్మకానికి ఉంచినట్టు లెక్కకు రాదు. ఫ్యాక్టరీ విషయంలోనూ ఇదే తీరు. చేతిలో మిగిలిన ఆర్డర్లతో సహా కొనుగోలుదారుకు అప్పగిస్తే షరతు నెరవేరినట్టే. ఆర్డర్లన్నీ తానే పూర్తి చేశాక అప్పగిస్తానంటే నెరవేరనట్టే.

రెండో మెట్టు, అమ్మకం జరగడం దాదాపు ఖాయంగా ఉండాలి. అలా ఉందనడానికి ప్రమాణం కొన్ని ఆనవాళ్లు చెబుతుంది. నిర్ణయాధికారం ఉన్న యాజమాన్యం అమ్మకపు పథకానికి కట్టుబడి ఉండాలి. కొనేవారిని వెతికే పని నిజంగా మొదలై ఉండాలి. ప్రస్తుత సముచిత విలువతో పోలిస్తే సమంజసంగా ఉండే ధరకే ఆస్తిని మార్కెట్లో పెట్టాలి. వర్గీకరించిన తేదీ నుంచి ఏడాదిలోపు అమ్మకం పూర్తవుతుందని భావించే పరిస్థితి ఉండాలి. పథకాన్ని గణనీయంగా మార్చడమో, వెనక్కి తీసుకోవడమో జరిగేలా ఉండకూడదు. వాటాదారుల ఆమోదం అవసరమైన చోట అది వచ్చే అవకాశం ఎంతుందో కూడా చూడాలి.

వీటిలో ఎక్కువగా తడబాటు కనిపించేది ధర షరతు దగ్గర. మార్కెట్ పడిపోయాక కూడా సంస్థ పాత ధర దగ్గరే పట్టుబట్టి కూర్చుంటే, బోర్డు తీర్మానం ఉన్నా, బ్రోకరు ఉన్నా, ఆ ఆస్తిని నిజంగా అమ్మకానికి పెట్టినట్టు కాదు. ఆడిటర్లు ఇలాంటి చోట తీర్మానం ప్రతి కంటే వచ్చిన ఆఫర్లనూ, వాటికి సంస్థ ఇచ్చిన జవాబులనూ ఎక్కువగా పరిశీలిస్తారు. ఆఫర్లే రాకపోతే అడిగిన ధర ఎక్కువన్నది మొదటి అనుమానం.

ఏడాది గడువుకు మినహాయింపు ఉంది. ఆలస్యం సంస్థ చేతిలో లేని కారణాల వల్ల జరిగి, సంస్థ పథకానికి కట్టుబడే ఉందనడానికి చాలినంత ఆధారం ఉంటే గడువు దాటినా వర్గం కొనసాగుతుంది. ప్రభుత్వ అనుమతి రావలసి ఉండడం, కొనుగోలుదారు అనుకోని షరతులు పెట్టడం, కొనబోయే స్థలంలో కాలుష్యం బయటపడి దాన్ని శుభ్రం చేయవలసి రావడం వంటివి ఇలాంటి కారణాలు.

షరతులు సంవత్సరాంతం లోపే నెరవేరాలి. మార్చి 31 తర్వాత, లెక్కలు ఆమోదించే లోపు నెరవేరితే ఆ ఏటి లెక్కల్లో వర్గం మార్చకూడదు. వివరణల్లో మాత్రం చెప్పాలి.

వర్గంలోకి రానివి

వదిలేసే ఆస్తి ఈ వర్గంలోకి రాదు. యంత్రాన్ని ఆయుర్దాయం తీరేదాకా నడిపి ఆ తర్వాత పక్కన పడేస్తే, దాని విలువ అంతా వాడుక ద్వారానే వచ్చినట్టు. అలాగే తాత్కాలికంగా ఆపి ఉంచిన ఆస్తిని వదిలేసినట్టుగానూ చూడకూడదు. దానిపై తరుగుదల నడుస్తూనే ఉంటుంది. ఆస్తి ఖాళీగా ఉన్నంత మాత్రాన తరుగుదల ఆగదని ఇండ్ ఏఎస్ 16 స్పష్టంగా చెబుతుంది.

ఎవరు అమ్ముతున్నారన్నది మరో మెలిక. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో ప్రభుత్వ వాటాను నూరు శాతం ఉపసంహరించడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఇలాంటి నిర్ణయంలో అమ్మేది వాటాలు, అమ్మేవారు యజమాని. కంపెనీ తన కొలిమిలనో, రోలింగ్ మిల్లులనో అమ్మడం లేదు. యాజమాన్యం చేతులు మారినా ఆ యంత్రాలు అదే కంపెనీ వాడుకలో ఉంటాయి కాబట్టి, కేవలం వాటాల అమ్మకం ప్రతిపాదన వల్ల కంపెనీ సొంత లెక్కల్లో వాటి వర్గం మారదు. మాతృ సంస్థ ఒక వ్యాపార కంపెనీ అయి, తన అనుబంధ కంపెనీపై నియంత్రణ వదులుకునేలా వాటా అమ్మదలిస్తే, ఆ మాతృ సంస్థ ఏకీకృత లెక్కల్లో మాత్రం అనుబంధ కంపెనీ ఆస్తులు, అప్పులు అన్నీ ఈ వర్గంలోకి వెళ్తాయి. అమ్మాక కొంత వాటా మిగుల్చుకున్నా సరే, నియంత్రణ పోవడమే కొలమానం.

ఇక కొన్ని ఆస్తులు అమ్మకానికి ఉంచినవిగా విడిగా కనిపించినా, వాటి విలువ మాత్రం వాటి సొంత ప్రమాణాల ప్రకారమే కడతారు. వాయిదా పన్ను ఆస్తులు, ఉద్యోగుల ప్రయోజనాల నిధులు, షేర్లు బాండ్ల వంటి ఆర్థిక ఆస్తులు ఈ కోవలోనివి.

తరుగుదల ఆగడానికి కారణం

తరుగుదల అంటే ఆస్తి కొన్న ధరను అది పనిచేసే ఏళ్లకు పంచడం. అమ్మకానికి ఉంచిన ఆస్తి నుంచి ఇక రావలసింది వాడుక ఫలం కాదు, అమ్మకపు సొమ్ము. పంచడానికి ముందున్న కాలం ఏడాది లోపే. ఆ కాలంలో ఆస్తి విలువ నిజంగా తగ్గితే, ప్రతి లెక్కల తేదీన సముచిత విలువతో పోల్చడం వల్ల ఆ తగ్గుదల ఎలాగూ నష్టంగా నమోదవుతుంది. తరుగుదల కూడా వేస్తే ఒకే తగ్గుదలను రెండు దారుల్లో లెక్కించినట్టవుతుంది. ఐఏఎస్‌బీ వాదన సారాంశం ఇది: ధరను పంచే పద్ధతి ఇక్కడ ఆగి, విలువ కట్టే పద్ధతి మొదలవుతుంది.

ఈ వాదనలో ఒక బలహీనత ఉంది. సముచిత విలువ పుస్తక విలువ కంటే ఎక్కువగా ఉన్నప్పుడు విలువ దించడమూ ఉండదు, తరుగుదలా ఉండదు. ఆస్తి పనిచేస్తూ, ఆదాయం తెస్తూ ఉన్నా ఖర్చు శూన్యం. అంటే వర్గం మార్చిన క్షణం నుంచి లాభం పెరుగుతుంది. షరతులు అంత కట్టుదిట్టంగా ఉండడానికి అసలు కారణం ఇదే. అమ్మే ఉద్దేశం బలంగా లేని సంస్థ, తరుగుదల తప్పించుకోవడానికి ఈ వర్గాన్ని వాడుకోకుండా అవి కాపలా కాస్తాయి.

తరుగుదల ఆగినా, ఆ ఆస్తికి సంబంధించిన ఇతర ఖర్చులు ఆగవు. దానితో పాటు బదిలీ కాబోయే అప్పుపై వడ్డీ, బీమా, కాపలా, మరమ్మతులు ఎప్పటిలాగే లాభనష్టాల ఖాతాకు పోతాయి. వాటా పద్ధతిలో లెక్కించే సహచర కంపెనీ పెట్టుబడిని అమ్మకానికి ఉంచితే, ఆ పద్ధతి కూడా ఆ తేదీ నుంచి ఆగిపోతుంది.

విలువ దించే విధానం

వర్గం మార్చే ముందు ఒక పని పూర్తి చేయాలి. ఆ రోజు వరకు తరుగుదల వేసి, విలువ క్షీణత ఉందేమో ఇండ్ ఏఎస్ 36 ప్రకారం చూసి, పుస్తక విలువను తాజా చేయాలి (చూ. ఇంపెయిర్‌మెంట్). ఆ తర్వాతే కొత్త కొలత. కొన్న ధర పద్ధతిలో ఉన్న ఆస్తికి నష్టం ఏ మెట్టులో పడినా చివరికి అది చేరేది లాభనష్టాల ఖాతాకే. కానీ పునర్మూల్యాంకనం చేసిన ఆస్తికి ఈ వరుస ముఖ్యం. మొదటి మెట్టులో వచ్చిన తగ్గుదల ముందు పునర్మూల్యాంకన మిగులు నుంచి పోతుంది. రెండో మెట్టులో వచ్చిన తగ్గుదల నేరుగా నష్టమవుతుంది.

సముచిత విలువ అంటే మార్కెట్లో, తొందరపాటు లేని లావాదేవీలో, ఆ రోజున ఆ ఆస్తిని అమ్మితే వచ్చే ధర. దాని నుంచి తీసేయవలసిన అమ్మకపు ఖర్చులంటే, అమ్మకం జరగకపోతే అసలు పుట్టని ఖర్చులు మాత్రమే. బ్రోకరు కమిషను, అమ్మకపు పత్రాల న్యాయవాది ఫీజు, అమ్మేవారే భరించవలసిన విప్పడం, రవాణా ఖర్చులు ఇందులోకి వస్తాయి. అమ్మకం సంగతి చూసే సొంత ఉద్యోగుల జీతం ఎలాగూ ఇవ్వవలసిందే కాబట్టి రాదు. వడ్డీ, ఆదాయపు పన్ను కూడా రావు. అమ్మకం ఏడాది దాటుతుందనుకుంటే ఆ ఖర్చులను ప్రస్తుత విలువకు తగ్గించి లెక్కించాలి. కాలం గడిచేకొద్దీ వాటి ప్రస్తుత విలువ పెరిగితే ఆ పెరుగుదలను ఆర్థిక ఖర్చుగా చూపాలి.

విలువ దించాక మళ్లీ పెరిగితే లాభం చూపవచ్చు, కానీ దానికి పైకప్పు ఉంది. అంతకు ముందు నమోదు చేసిన విలువ క్షీణత నష్టాల మొత్తానికి మించి లాభం చూపకూడదు. ఆ నష్టాలు ఈ వర్గంలో ఉన్నప్పుడు పడినవైనా, అంతకు ముందు ఇండ్ ఏఎస్ 36 కింద పడినవైనా లెక్కలోకి వస్తాయి.

ఉదాహరణ: ముద్రణ యంత్రం

ఊహాజనితమైన ఒక ప్రెస్సు కంపెనీ 2019 ఏప్రిల్ 1న రూ.12 కోట్లకు వెబ్ ఆఫ్‌సెట్ యంత్రం కొన్నదనుకుందాం. ఆయుర్దాయం 10 ఏళ్లు, చివర్లో మిగిలే విలువ శూన్యం, తరుగుదల ఏటా సమానంగా. అంటే ఏడాదికి రూ.1.20 కోట్లు, నెలకు రూ.10 లక్షలు.

2023 జూన్ 30న బోర్డు ఈ యంత్రాన్ని అమ్మాలని తీర్మానించింది. అయితే దాని స్థానంలో రావలసిన కొత్త యంత్రం ఇంకా బిగించలేదు, అప్పటిదాకా పాతదే పాఠ్యపుస్తకాల ఆర్డరు నడపాలి. కాబట్టి జూన్ 30న అది వెంటనే అమ్మడానికి సిద్ధంగా లేదు, తీర్మానం ఉన్నా వర్గం మారదు. సెప్టెంబరు 30 నాటికి కొత్త యంత్రం పని మొదలుపెట్టింది, బ్రోకరును నియమించారు, మార్కెట్ ధరకు దగ్గరగా ధర ప్రకటించారు, చూసి వెళ్లినవారూ ఉన్నారు. అన్ని షరతులూ నెరవేరిన రోజు అది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలల తరుగుదల రూ.30 లక్షలు వేయవలసిందే. తీర్మానం తేదీ నుంచే తరుగుదల ఆపేయడం ఈ విషయంలో తరచూ దొర్లే పొరపాటు.

2023 సెప్టెంబరు 30కి నాలుగున్నరేళ్ల తరుగుదల రూ.5.40 కోట్లు పోగా పుస్తక విలువ రూ.6.60 కోట్లు. ఆ రోజు అలాంటి యంత్రం మార్కెట్ ధర రూ.6.10 కోట్లు. బ్రోకరు కమిషను రూ.15 లక్షలు, విప్పి లారీలకెక్కించే ఖర్చు రూ.25 లక్షలు. రెండూ పోగా రూ.5.70 కోట్లు. ఇది పుస్తక విలువ కంటే తక్కువ కాబట్టి తేడా రూ.90 లక్షలు నష్టంగా రాసి, యంత్రాన్ని రూ.5.70 కోట్లకు కొత్త వర్గంలో పెడతారు. అక్టోబరు నుంచి తరుగుదల ఉండదు.

2024 మార్చి 31న మార్కెట్ ధర రూ.5.90 కోట్లకు దిగింది. ఖర్చులు పోను రూ.5.50 కోట్లు. మరో రూ.20 లక్షలు నష్టం. ఆ ఏడాది ఈ యంత్రం వల్ల లాభనష్టాల ఖాతాకు పడిన భారం: తొలి ఆరు నెలల తరుగుదల రూ.60 లక్షలు, నష్టాలు రూ.1.10 కోట్లు, మొత్తం రూ.1.70 కోట్లు. వర్గం మార్చి ఉండకపోతే తరుగుదల ఒక్కటే రూ.1.20 కోట్లు పడేది.

2024 జూన్ 30 నాటికి పాత యంత్రాలకు గిరాకీ పెరిగి ధర రూ.7.20 కోట్లు పలికింది. ఖర్చులు పోను రూ.6.80 కోట్లు. పెరుగుదల రూ.1.30 కోట్లు అయినా అంతకు ముందు రాసిన నష్టం రూ.1.10 కోట్లే, అంతవరకే లాభం చూపాలి. యంత్రం విలువ రూ.6.60 కోట్ల దగ్గర ఆగుతుంది. మిగతా రూ.20 లక్షలు అమ్మకం నిజంగా జరిగినప్పుడే లాభం.

ఇదే యంత్రం మార్కెట్ ధర మొదటి రోజే రూ.8 కోట్లు ఉంటే కథ వేరు. ఖర్చులు పోను రూ.7.60 కోట్లు పుస్తక విలువను మించింది కాబట్టి విలువ రూ.6.60 కోట్ల దగ్గరే ఉండిపోతుంది, ఆరు నెలల తరుగుదల రూ.60 లక్షలు మాత్రం తప్పుతుంది. పైన చెప్పిన బలహీనత అంకెల్లో ఇలా కనిపిస్తుంది.

అమ్మకం జరగనప్పుడు

షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా ఆస్తి ఈ వర్గంలోంచి బయటికి రావాలి. అప్పుడు రెండు మొత్తాలను పోల్చి తక్కువదాన్ని తీసుకుంటారు. ఒకటి, అసలు వర్గమే మార్చి ఉండకపోతే తరుగుదల వేసుకుంటూ వచ్చాక ఈ రోజుకు ఉండే పుస్తక విలువ. రెండు, అమ్మకూడదని నిర్ణయించిన రోజున ఆస్తి నుంచి రాబట్టగలిగే మొత్తం. అంటే అమ్మితే ఖర్చులు పోను వచ్చేది, వాడుకుంటే వచ్చే ఆదాయపు ప్రస్తుత విలువ అనే రెండింటిలో ఎక్కువది.

పై ఉదాహరణలో 2024 సెప్టెంబరు 30న కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు, కొత్త ఆర్డర్లు వచ్చి కంపెనీ యంత్రాన్ని ఉంచుకోవాలని నిర్ణయించింది. వర్గం మార్చి ఉండకపోతే ఆ రోజుకు విలువ రూ.6.60 కోట్ల నుంచి ఏడాది తరుగుదల రూ.1.20 కోట్లు పోను రూ.5.40 కోట్లు. యంత్రం నుంచి రాబట్టగలిగేది రూ.5.80 కోట్లు అనుకుంటే, తక్కువది రూ.5.40 కోట్లు. పుస్తకాల్లో ఉన్నది రూ.6.60 కోట్లు. తేడా రూ.1.20 కోట్లు ఒక్కసారిగా ఆ కాలపు లాభనష్టాల ఖాతాకు పడుతుంది. ఏడాదిగా వేయకుండా వదిలిన తరుగుదల పైసా తేడా లేకుండా తిరిగొచ్చింది. ఆపైన మిగిలిన నాలుగున్నరేళ్లకు ఏటా రూ.1.20 కోట్ల చొప్పున తరుగుదల మళ్లీ మొదలవుతుంది.

అమెరికా ప్రమాణంలో ఈ దశలో ఒక తేడా ఉంది. అక్కడ రెండో మొత్తం రాబట్టగలిగే మొత్తం కాదు, ఆ రోజు సముచిత విలువ.

బయటికి వచ్చేది అనుబంధ కంపెనీ అయితే సర్దుబాటు ఇలా ఒకే కాలానికి పరిమితం కాదు. వర్గీకరించిన తేదీ నుంచి ఇచ్చిన లెక్కలను సవరించి చూపాలి. అమ్మకాలు ఎలా బెడిసికొడతాయో చెప్పే నిజమైన సందర్భం టాటా స్టీల్ ఆగ్నేయాసియా వ్యాపారం. 2019 జనవరిలో సింగపూర్‌లోని నాట్‌స్టీల్‌నూ, టాటా స్టీల్ థాయ్‌లాండ్‌నూ కలిపి చైనాకు చెందిన హెచ్‌బీఐఎస్ గ్రూపు నియంత్రణలోని సంస్థకు మెజారిటీ వాటా ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. ఆ వ్యాపారాన్ని టాటా స్టీల్ తన లెక్కల్లో అమ్మకానికి ఉంచినదిగా చూపింది. చైనా వైపు నుంచి రావలసిన ప్రభుత్వ ఆమోదం రాకపోవడంతో అదే ఏడాది ఆ ఒప్పందం ముందుకు సాగలేదు. నాట్‌స్టీల్‌ను 2021లో విడిగా మరొకరికి అమ్మారు. సంతకాలైన ఒప్పందం చేతిలో ఉన్నా మూడో పక్షం ఆమోదం మీద ఎంత ఆధారపడి ఉంటుందో ఈ ఉదంతం చూపిస్తుంది.

ఆస్తుల సముదాయం

ఒక ఫ్యాక్టరీనో, వ్యాపార విభాగాన్నో ఒకే లావాదేవీలో అమ్మదలిస్తే, అందులోని ఆస్తులనూ, వాటితో బదిలీ అయ్యే అప్పులనూ కలిపి ఒక సముదాయంగా చూస్తారు. కొలత సముదాయం మొత్తానికి ఒకేసారి చేస్తారు. నష్టం వస్తే ముందు గుడ్‌విల్ మీద వేసి, మిగిలింది ఈ ప్రమాణం కొలిచే ఇతర దీర్ఘకాలిక ఆస్తులకు వాటి పుస్తక విలువల నిష్పత్తిలో పంచుతారు. సరుకు నిల్వలు, బాకీదారులు, నగదు ఈ పంపకంలో లేవు. దాంతో ఒక చిక్కు వస్తుంది. సముదాయంలో స్థిరాస్తులు తక్కువగా, సరుకు, బాకీలు ఎక్కువగా ఉంటే, లెక్కించిన నష్టం స్థిరాస్తుల విలువను దాటిపోవచ్చు. మిగిలిన నష్టాన్ని ఎక్కడ రాయాలన్నదానికి ప్రమాణం స్పష్టమైన జవాబు ఇవ్వదు.

ఆర్థిక నివేదికల్లో చూపే తీరు

అమ్మకానికి ఉంచిన ఆస్తులను ఆస్తి అప్పుల పట్టీలో మిగతా ఆస్తుల నుంచి వేరు చేసి ఒక వరుసలో, వాటితో బదిలీ అయ్యే అప్పులను మరో వరుసలో చూపాలి. రెండింటినీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి నికరంగా చూపకూడదు. గత సంవత్సరపు అంకెలను ఈ కొత్త వర్గానికి తగ్గట్టు మార్చరు, ఎందుకంటే ఆ తేదీన ఆస్తి నిజంగానే వాడుకలో ఉంది. దీంతో రెండేళ్ల పట్టీలను పక్కపక్కన పెట్టి చూసేవారికి స్థిరాస్తులు హఠాత్తుగా తగ్గినట్టు కనిపిస్తుంది.

అమ్ముతున్నది ఒక ప్రధాన వ్యాపార శాఖనో, ఒక ప్రాంతంలోని కార్యకలాపాలన్నిటినో అయితే, దాని ఫలితాన్ని లాభనష్టాల ఖాతాలో నిలిపివేసిన కార్యకలాపాలుగా ఒకే మొత్తంలో విడదీసి చూపాలి (చూ. నిలిపివేసిన కార్యకలాపాలు). ఇక్కడ మాత్రం గత సంవత్సరపు అంకెలనూ అదే తీరున మార్చాలి. ఒక్క యంత్రమో, ఒక్క భవనమో అమ్మితే ఈ విభజన ఉండదు.

పన్ను లెక్కలతో సంబంధం

భారత ఆదాయపు పన్ను చట్టంలో తరుగుదల ఒక్కో ఆస్తికి కాకుండా ఒకే రేటు ఉన్న ఆస్తుల బ్లాకుకు లెక్కిస్తారు. పుస్తకాల్లో వర్గం మారినందువల్ల బ్లాకులో ఏమీ మారదు. ఆస్తి అమ్ముడయ్యాక, రావలసిన సొమ్మును బ్లాకు విలువ నుంచి తీసేస్తారు. కాబట్టి పై ఉదాహరణలో పుస్తకాల తరుగుదల 2023 అక్టోబరులో ఆగినా పన్ను లెక్కలో యంత్రం బ్లాకులోనే కొనసాగుతుంది. పుస్తక విలువకూ పన్ను విలువకూ మధ్య తేడా మారుతుంది, ఆ మేరకు వాయిదా పన్నును కూడా సరిచేయాలి (చూ. వాయిదా పన్ను). అమ్మినప్పుడు కట్టవలసిన పన్నును అమ్మకపు ఖర్చుగా సముచిత విలువ నుంచి తీసేయకూడదు.